డబ్బు కట్ అయింది, అవతలివాళ్లకు పడలేదు: యూపీఐ ఫిర్యాదు ఎలా పెట్టాలి

మా బావమరిది కావలిలో ఉంటాడు. ఓ సోమవారం ఉదయం పది గంటలకు, పొదలకూరు దగ్గర నిమ్మ మొక్కలు అమ్మే ఆయన ఫోన్ నంబరుకు 8,000 రూపాయలు పంపాడు. బ్యాంకు నుంచి డెబిట్ మెసేజ్ వచ్చేసింది. యాప్‌లో మాత్రం ‘Pending’ అని కదలకుండా కూర్చుంది. పది నిమిషాలకు మొక్కలాయన ఫోన్ చేశాడు. "ఏందన్నా, ఇంకా పడలేదే. మొక్కలు బండికి ఎత్తించేదా, ఆగేదా?" వీడు కంగారుపడి మళ్లీ 8,000 కొట్టబోతుంటే నేనే ఆపాను.

ఆపడానికి కారణం ఉంది. యూపీఐలో ఒక్క పేమెంటుకు రెండు పనులు జరగాలి. ముందు మన బ్యాంకు మన అకౌంట్లో డబ్బు తీస్తుంది. తర్వాత యూపీఐని నడిపే సంస్థ ఎన్‌పీసీఐ ఆ కబురును అవతలి బ్యాంకుకు పంపితే, వాళ్లు జమ చేసి ‘వేశాం’ అని జవాబివ్వాలి. అవతలి సర్వర్ నెమ్మదించి ఆ జవాబు టైముకు రాకపోతే, డబ్బు పడిందో లేదో ఎన్‌పీసీఐకి కూడా అప్పటికి తెలియదు. అందుకే వెంటనే వెనక్కి ఇవ్వరు. తర్వాత బ్యాంకులు లెక్కలు సరిచూసుకుని, అవతలివాళ్లకు జమ చేయడమో మనకు తిప్పి పంపడమో చేస్తాయి. ఈలోపు మళ్లీ పంపితే ఒక్కోసారి రెండూ పడతాయి. తప్పనిసరై పంపాల్సి వస్తే, రెండూ పడితే ఒకటి తిరిగిస్తానని ముందే మాట తీసుకోండి.

ఫిర్యాదుకు ముందు ఒక్కటి చూడాలి. ఫోన్ నంబరుకు పంపిన డబ్బు, ఆ నంబరుకు యూపీఐలో ఏ అకౌంటు జోడించి ఉంటే దానికే పోతుంది. మొక్కలాయనకు రెండు బ్యాంకుల్లో అకౌంట్లున్నాయి, ఆయన చూసింది ఒకటే. రెండోది కూడా చూడమన్నాం, మెసేజ్ కాదు, మినీ స్టేట్‌మెంట్. అందులోనూ లేదు. చాలామంది గొడవ ఇక్కడే తీరిపోతుంది, మాది తీరలేదు.

ఇక ఫిర్యాదు. యాప్‌లో హిస్టరీకి వెళ్లి ఆ పేమెంటు తెరిస్తే 12 అంకెల యూటీఆర్ నంబరు కనిపిస్తుంది, కొన్ని యాప్‌లలో దాన్నే ఆర్ఆర్ఎన్ అంటారు. దాన్ని కాగితం మీద రాసుకుని, స్క్రీన్‌షాట్ తీసుకోండి. అదే పేజీలో కింద సహాయం లేదా ఫిర్యాదు అని ఉంటుంది. అందులో ‘డబ్బు కట్ అయింది, అవతలివారికి చేరలేదు’ అనే అర్థమొచ్చే కారణం ఎంచుకుని పంపితే ఫిర్యాదు నంబరు వస్తుంది. కస్టమర్ కేర్ నంబరు కోసం గూగుల్లో మాత్రం వెతక్కండి. అక్కడ దొంగ నంబర్లు కాచుకుని ఉంటాయి, పిన్ అడిగితే దొంగే.

గడువు విషయంలో రిజర్వ్ బ్యాంకు 2019 సెప్టెంబరులో నిబంధన పెట్టింది. మనిషికి పంపిన డబ్బు చేరకపోతే, పంపిన మర్నాటిలోగా వెనక్కి రావాలి. కొట్లో కట్టిన డబ్బు కట్ అయి, కొట్టుకు కన్ఫర్మేషన్ రాకపోతే అయిదు రోజులు. గడువు దాటితే రోజుకు 100 రూపాయల పరిహారం, మనం అడగకుండానే బ్యాంకు ఇవ్వాలి. మావాడిది మంగళవారంతో గడువు తీరింది. బుధవారం బ్రాంచికి వెళితే, "సర్వర్ ప్రాబ్లం, వస్తుందిలే" అని పంపేశారు. నోటిమాటతో వచ్చేయకూడదని గురువారం ఇలా రాసిచ్చాం:

"అయ్యా, ఫలానా తేదీ ఉదయం 10 గంటలకు నా అకౌంట్ నుంచి యూపీఐ ద్వారా 8,000 రూపాయలు డెబిట్ అయ్యాయి. అవతలివారికి జమ కాలేదు. యూటీఆర్ నంబరు ఇది, యాప్ ఫిర్యాదు నంబరు ఇది. సొమ్మును, గడువు దాటిన ప్రతి రోజుకు 100 రూపాయల పరిహారాన్ని నా ఖాతాకు జమ చేయగలరు."

స్టేట్‌మెంట్ జత చేసి, రెండో కాపీ మీద తేదీతో స్టాంపు వేయించుకున్నాం. ఆ స్టాంపు కాపీ లేకపోతే పైవాళ్ల దగ్గర మన మాట నిలవదు. బ్యాంకు 30 రోజుల్లో జవాబివ్వకపోయినా, ఇచ్చిన జవాబు నచ్చకపోయినా, బ్యాంకుల మీద ఫిర్యాదులు తేల్చే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు cms.rbi.org.in లో ఫిర్యాదు పెట్టొచ్చు. ఫీజు లేదు. ముందు బ్యాంకుకు రాయకుండా నేరుగా అక్కడికి వెళితే తీసుకోరు. సైటుతో ఇబ్బందయితే 14448కి ఫోన్ చేసి అడగొచ్చు.

వేరేవాళ్ల నంబరుకు పొరపాటున పంపింది దీని కిందికి రాదు. అక్కడ డబ్బు చేరింది, తప్పు మనిషికి చేరింది.

మావాడికి అంబుడ్స్‌మన్ దాకా పోవాల్సిన పని పడలేదు. శుక్రవారం సాయంత్రం 8,000 తిరిగొచ్చింది. బుధ, గురు, శుక్రవారాల లెక్కన రావాల్సిన 300 మాత్రం దానంతటది రాలేదు. స్టాంపు కాపీ పట్టుకుని ఇంకోసారి వెళ్లొస్తే, వారం తర్వాత పడింది.