అమెరికా వచ్చాక ఇండియా నంబరుకు ఓటీపీ రాకపోతే ఏం చూసుకోవాలి

అమెరికాలో దిగిన కొత్తలో చాలామందికి ఎదురయ్యే తంటా ఇది. అపార్ట్‌మెంటు అడ్వాన్సుకో, ఫీజుకో ఇండియా ఖాతాలోంచి డబ్బు తెప్పించుకోవాలి. పాస్‌వర్డు సరిగ్గానే కొట్టారు. 'మీ నంబరుకు కోడ్ పంపాం' అని బ్యాంకు అంటుంది, ఫోను మాత్రం ఉలకదు పలకదు. మళ్లీ పంపమని నొక్కుతారు, మళ్లీ నొక్కుతారు. రెండోసారికీ రాకపోతే ఆపేయండి. చాలా బ్యాంకుల్లో కొత్త కోడ్ పుట్టగానే పాతది చెల్లదు. ఆలస్యంగా వచ్చిన పాత కోడ్ కొడితే అది తప్పు కింద లెక్క, అలాంటి తప్పులు కొన్ని పడితే ఖాతాకే తాళం పడవచ్చు.

ముందు తేలాల్సింది ఒక్కటే: మామూలు ఎస్సెమ్మెస్సయినా ఆ నంబరుకు వస్తోందా? ఇంట్లోవాళ్లను ఒక మెసేజ్ పెట్టమనండి. వాట్సాప్‌లో కాదు, ఉత్త ఎస్సెమ్మెస్. వాళ్లదీ మీదీ ఐఫోన్లయితే, లేదా ఆండ్రాయిడ్‌లో చాట్ ఆన్ చేసి ఉంటే, ఎస్సెమ్మెస్ అనుకుని పెట్టినదీ ఇంటర్నెట్ మీదే వచ్చేస్తుంది, పరీక్ష పనికిరాకుండా పోతుంది. నాన్నగారి బటన్ల ఫోను ఉంటే దాన్నుంచే పంపించండి.

మా పిన్ని కొడుకు డెంటన్‌లో ఎంఎస్‌కు వచ్చిన కొత్తలో ఇదే సమస్యతో ఫోన్ చేశాడు. "నంబరు పనిచేస్తోంది అన్నా, అమ్మ రోజూ ఇదే నంబరుకు వాట్సాప్ చేస్తోంది గదా" అన్నాడు. వాట్సాప్ ఆ నంబరును మొదట్లో ఒకసారి సరిచూసుకున్నాక వైఫై మీదో, అమెరికా సిమ్ డేటా మీదో నడుస్తుంది. ఇండియా సిమ్ తీసి డ్రాయర్లో పడేసినా మోగుతుంది. ఎస్సెమ్మెస్ అలా కాదు. మీ సిమ్ ఇప్పుడు ఏ దేశంలో, ఎవరి నెట్‌వర్కులో ఉందో ఇండియాలోని మీ ఫోన్ కంపెనీకి తెలిస్తేనే మెసేజ్ ఇక్కడిదాకా వస్తుంది. సిమ్ ఇక్కడి టవర్ల దగ్గర నమోదు కాకపోతే అది ఇండియాలోనే ఆగిపోతుంది.

అందుకని వాణ్ని సెట్టింగ్స్‌లో చూడమన్నాను. రెండు సిమ్‌లున్న ఫోనులో పైన కనిపించే గీతలు ఏ సిమ్‌వో చూసుకోవాలి. అమెరికా సిమ్ గీతలు నిండుగా ఉంటే అంతా బాగుందనుకుంటాం. వాడి ఐఫోన్‌లో ఇండియా లైన్ పక్కన SOS అని ఉంది. కొన్ని ఫోన్లలో No Service అని కనిపిస్తుంది. రెండింటికీ ఇక్కడ అర్థం ఒకటే, ఆ సిమ్‌ను ఏ నెట్‌వర్కూ చేర్చుకోలేదు.

అసలు లైనే ఆపేసి ఉందేమో కూడా చూడాలి. రోమింగ్ బిల్లు భయంతో చాలామంది ఇండియా సిమ్‌ను పూర్తిగా ఆఫ్ చేస్తారు. ఆపాల్సింది ఆ సిమ్‌కు Data Roaming ఒక్కటే. ఐఫోన్‌లో Turn On This Line, ఆండ్రాయిడ్‌లో Use SIM ఆన్‌లోనే ఉండాలి. డేటా రోమింగ్ ఆపినా ఎస్సెమ్మెస్ సాధారణంగా వస్తుంది.

వాడి లైన్ ఆన్‌లోనే ఉంది. Network Selection లోకి వెళ్లి Automatic తీసేయమన్నాను. కాసేపటికి చుట్టుపక్కల నెట్‌వర్కుల పేర్లు వచ్చాయి. ఒక్కొక్కటే నొక్కి చూశాడు, అన్నీ తిప్పికొట్టాయి. ఒకటైనా కలిసి ఉంటే తప్పు ఫోనుదని తేలేది. అన్నీ కాదన్నాయంటే అనుమానం ఇండియా వైపు, అంటే ఆ నంబరుకు అంతర్జాతీయ రోమింగ్ తెరవలేదన్నమాట. పాత ఫోన్లవాళ్లు ఇంకొకటి చూసుకోవాలి. ఇక్కడి మూడు పెద్ద కంపెనీలు 2022లోనే 3జీ మూసేశాయి. ఫోనులో నెట్‌వర్కు రకం 3జీ అని పెట్టి ఉంటే 4జీకి మార్చాలి.

రోమింగ్ తెరవాలంటే కంపెనీ యాప్‌లోకి వెళ్లాలి. ఆ యాప్ ఓటీపీ అడుగుతుంది, అదీ రాని నంబరుకే! దీన్నుంచి బయటపడే దారి ఇంటి దగ్గరే ఉంది. గుంటూరులో పిన్ని తన ఫోన్‌లోంచి వాడి నంబరుకు రోమింగ్ ప్యాక్ రీచార్జి చేసింది. ప్రీపెయిడ్‌కు చాలాసార్లు ఇదే సరిపోతుంది. అయితే మామూలు ప్లాన్ గడువు కూడా నడుస్తూ ఉండాలి, అది అయిపోతే రోమింగ్ ప్యాక్ ఒక్కదాంతో పని జరగకపోవచ్చు. రీచార్జి అయ్యాక వాడు Automatic మళ్లీ ఆన్ చేసి, ఎయిర్‌ప్లేన్ మోడ్ పెట్టి తీశాడు. అలా తీసినప్పుడు సిమ్ కొత్తగా నమోదవుతుంది, 'ఇదిగో ఇక్కడున్నాను' అన్న కబురు ఇండియాకు వెళుతుంది. కాసేపటికి SOS పోయి ఇక్కడి నెట్‌వర్కు పేరు వచ్చింది, వెంటనే నిలవ ఉన్న పాత ఓటీపీలు ఒకదాని వెనుక ఒకటి దిగాయి. అవేవీ పనికిరావు. కొత్తది అడిగితే నిమిషంలో వచ్చింది, డబ్బు కదిలింది.

మామూలు ఎస్సెమ్మెస్ వచ్చి బ్యాంకుది మాత్రమే రాకపోతే కథ వేరు. ముందు వడపోత చూడండి. ఆండ్రాయిడ్ మెసేజెస్‌లో Spam & blocked అన్నచోట, ఐఫోన్‌లో తెలియనివాళ్ల మెసేజ్‌లు వేరే జాబితాలోకి పోయేచోట వెతకండి. ప్రచార మెసేజ్‌ల విసుగుతో ఎప్పుడో ఆ పంపేవాళ్లనే బ్లాక్ చేసి ఉండొచ్చు కూడా. అక్కడా లేకపోతే బ్యాంకులో ఉన్న నంబరు ఏదో చూసుకోండి. కాలేజీ రోజుల్లో ఖాతా తెరిచినవాళ్లకు అది నాన్నగారి నంబరై ఉండటం మామూలే. తెర మీద కనిపించే చివరి అంకెలు చూస్తే తెలిసిపోతుంది.

ఇక్కడే కొత్త ఐఫోన్ కొనేవాళ్లకు ఒక మాట. అమెరికాలో అమ్మే ఐఫోన్‌కు 14 మోడల్ నుంచి సిమ్ పెట్టే అర ఉండదు. ఇండియా సిమ్‌ను ఈ-సిమ్‌గా మార్చుకోవాలి. ఆ మార్పిడికి కూడా సాధారణంగా పాత సిమ్ నుంచే మెసేజో, నిర్ధారణో వెళ్లాలి. విమానం ఎక్కకముందే చేసుకుంటే హాయి. లేదంటే పాత ఫోన్‌లో సిమ్ ఉంచి, ఛార్జింగ్ పెట్టి ఒక మూల పడేయండి.

సిమ్‌ను అమ్మానాన్నల దగ్గరే వదిలి, ఓటీపీ ఫోన్లో చదివించుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. వెబ్‌సైట్‌లో లాగిన్ వరకు అది నడుస్తుంది. కానీ బ్యాంకు యాప్, యూపీఐ యాప్ మొదలుపెట్టేటప్పుడు అదే ఫోనులోని సిమ్ నుంచి ఒక ఎస్సెమ్మెస్ బయటికి వెళ్లాలి, అక్కడ ఆగిపోతారు. పైగా ఓటీపీ ఇంకొకరికి తెలిసిందంటే, రేపు ఏదైనా మోసం జరిగినప్పుడు బ్యాంకు చేతికి మనమే సాకు ఇచ్చినట్టు. నేనైతే సిమ్ వెంట తెచ్చుకోమనే చెబుతాను.

తెచ్చుకున్నాక రీచార్జి మరవకండి. ఇండియాలో ప్రీపెయిడ్ నంబరు 90 రోజులు వాడకం లేకుండా పడి ఉంటే కంపెనీ దాన్ని తీసేయవచ్చు. కొన్నాళ్లకు అది ఇంకెవరికో వెళుతుంది, మీ ఓటీపీలూ వాళ్లకే వెళతాయి. ఎన్నారై ఖాతాగా మార్చుకునేటప్పుడు అమెరికా నంబరు నమోదు చేస్తారా, కోడ్ ఈమెయిల్‌కు కూడా పంపుతారా అని బ్యాంకును అడగండి, చాలా బ్యాంకులు ఒప్పుకుంటాయి. ఆ మార్పును ఖాయం చేసే కోడ్ మాత్రం తరచు పాత నంబరుకే వస్తుంది, కాబట్టి అది పనిచేస్తుండగానే ఈ పని ముగించుకోండి.