దీర్ఘం పెట్టాలా, వద్దా? తప్పు పడిన చోటే కారణం చెబుతుంది

తెలుగు పరీక్షలో ‘విద్యవంతుడు’ అని రాసి మార్కు పోగొట్టుకున్న పిల్లవాడికి సాధారణంగా దొరికే సలహా ఒకటే: ఆ మాట పదిసార్లు రాయి. రాస్తాడు, ఆ ఒక్క మాట వస్తుంది. మరుసటి పరీక్షలో ‘కళశాల’ అని రాస్తాడు. ఈ రెండు తప్పులకూ మూలం ఒకటే. అది తెలియనంత కాలం ఎన్ని మాటలు పదేపదే రాసినా కొత్త మాట దగ్గర మళ్లీ తడబాటు తప్పదు.

దిద్దిన పాత జవాబుపత్రం ఒకటి ముందు పెట్టుకోండి. ఒత్తుల తప్పులు, శ-ష-స తప్పులు ప్రస్తుతానికి వదిలేయండి. దీర్ఘం ఎక్కువైన మాటలు, తక్కువైన మాటలు మాత్రమే గుర్తించండి. తప్పు మాట నడుమ పడిందా, మొదటి అక్షరంలో పడిందా, ‘పరి’ వంటి ముక్క చివర పడిందా చూడండి. ఎక్కడ పడిందన్న దాన్ని బట్టి కారణం మారుతుంది.

సమస్య: విద్యవంతుడు, కళశాల, పాఠాశాల

తప్పు మాట నడుమ, రెండు ముక్కలు కలిసే చోట ఉంది. పిల్లలను ఎక్కువగా తికమక పెట్టేది ఇదే. కళాశాలలో దీర్ఘం ఉంది, పాఠశాలలో లేదు. విద్యావంతుడులో ఉంది, ధనవంతుడులో లేదు.

కారణం సంస్కృతంలో ఉంది. విద్య, కళ, భాష, సభ, కథ, క్రీడ అనేవి సంస్కృతంలో దీర్ఘంతో ముగిసే మాటలు: విద్యా, కళా, భాషా. తెలుగులోకి ఒంటరిగా వచ్చినప్పుడు చివరి దీర్ఘం పోయి హ్రస్వమైంది. మరో సంస్కృత పదంతో సమాసంలో కలిసినప్పుడు మాత్రం పాత దీర్ఘం అలాగే నిలిచి ఉంటుంది. ధన, పాఠ, గుణ అన్నవి సంస్కృతంలోనే హ్రస్వంతో ముగుస్తాయి. అందుకే వాటికి సమాసంలోనూ దీర్ఘం రాదు.

సంస్కృతం రాని విద్యార్థి దీన్ని పట్టుకోవడం ఎలా? తెలుగే దారి చూపిస్తుంది. మొదటి ముక్కను ఒంటరిగా పలికి చూడండి. చివర ‘ము’ గాని సున్నా గాని వస్తే సమాసంలో హ్రస్వం. ధనము, కాబట్టి ధనవంతుడు. పాఠము, కాబట్టి పాఠశాల. గ్రంథము, కాబట్టి గ్రంథకర్త. ‘ము’ లేకుండా ఉత్త అకారంతో ఆగిపోతే దీర్ఘం పెట్టాలి. ‘విద్యము’ అనం, కాబట్టి విద్యావంతుడు. ‘కళము’ అనం, కాబట్టి కళాశాల. కథానాయకుడు, సభాపతి, క్రీడాకారుడు, సేవాభావం అన్నీ ఈ దారిలోనివే.

దీనికి రెండు హద్దులున్నాయి. మొదటిది, రెండో ముక్క కూడా సంస్కృతమై ఉండాలి. ‘కథ చెప్పడం’, ‘సభలో’, ‘భాషకు’ అన్నప్పుడు దీర్ఘం ఊసే లేదు. రెండోది, న, ణ అక్షరాలతో ముగిసే మాటల దగ్గర ఈ పరీక్షను గుడ్డిగా నమ్మకండి. రచనాశైలి సరైనదే. ‘శిక్షణా కేంద్రం’ మాత్రం బోర్డుల మీద ఎంతగా కనిపించినా తప్పే, శిక్షణ కేంద్రం అని రాయాలి. సంస్కృతంలో రచనా దీర్ఘాంతం, శిక్షణ హ్రస్వాంతం. ఇలాంటివి విడిగా గుర్తు పెట్టుకోవాల్సిందే.

నది, నదీతీరం జంట కూడా ఇలాంటిదే. నది, గౌరి, పార్వతి సంస్కృతంలో దీర్ఘాంతాలు, అందుకే నదీతీరం, గౌరీపూజ, పార్వతీదేవి. కవి, హరి, శక్తి అక్కడా హ్రస్వాంతాలే, అందుకే కవిసమ్మేళనం, హరికథ, శక్తిపీఠం.

సమస్య: సమాజిక, అధునిక, సాంప్రదాయం

తప్పు మొదటి అక్షరంలో పడింది. నామవాచకానికి ‘ఇక’ చేరి విశేషణమైనప్పుడు మొదటి అచ్చు సాగుతుంది. సమాజం సామాజిక అవుతుంది, ప్రథమం ప్రాథమిక, అర్థం ఆర్థిక, వ్యవహారం వ్యావహారిక అవుతాయి. మొదట ఇ ఉంటే ఐ (వివాహం, వైవాహిక), ఉ ఉంటే ఔ (పురాణం, పౌరాణిక) వస్తాయి. ‘సమాజిక’ అని రాసిన వారు ఈ మార్పు మరిచిపోయారన్నమాట.

‘సాంప్రదాయం’ దీనికి తిరగబడ్డ తప్పు. ‘సాంప్రదాయిక’ అనే మాట విని విని, ‘ఇక’ లేని చోట కూడా దీర్ఘం తగిలిస్తున్నారు. ‘సాంప్రదాయ నృత్యం’ అని ఎన్నిచోట్ల అచ్చయినా మీరు మాత్రం ‘సంప్రదాయ నృత్యం’ అని గాని, ‘సాంప్రదాయిక నృత్యం’ అని గాని రాయండి. చివర ‘ఇక’ ఉందా, మొదట దీర్ఘం. ‘ఇక’ లేకపోతే, మూల పదం ఎలా ఉంటే అలా. సంస్కృతి, సాంస్కృతిక. సంకేతం, సాంకేతిక.

ధనిక, రసిక, క్షణిక మాత్రం సాగవు. ఇవి రోజూ వినే మాటలే కాబట్టి వీటిలో తప్పు పడటం అరుదు.

సమస్య: పరిక్ష, పరీశీలన

ఒకే పిల్లవాడు ఒకే పేజీలో రెండూ తారుమారుగా రాస్తాడు. ఇక్కడ సంధి విడదీయడం ఒక్కటే మందు. పరి + ఈక్ష = పరీక్ష. సవర్ణదీర్ఘ సంధి అన్నమాట: ఇ, ఈ కలిసి ఈ అయ్యాయి. పరిశీలనలో ‘పరి’ తర్వాత వచ్చింది శ, అంటే హల్లు. కలవడానికి అచ్చే లేదు, దీర్ఘం ఎక్కడి నుంచి వస్తుంది? పరిశోధన, పరిష్కారం, పరిసరాలు, పరిచయం అన్నీ హ్రస్వాలే. సమీక్ష, నిరీక్షణలో దీర్ఘం ఉండటానికి కారణం కూడా ఆ ‘ఈక్ష’ ముక్కే. సాంఘిక శాస్త్రంలో వచ్చే ‘పరీవాహక ప్రాంతం’ ఒక్కటి మినహాయింపుగా రాసుకోండి.

సమస్య: స్తొత్రం, శ్రెష్ఠం, ప్రొత్సాహం

సంస్కృతంలో హ్రస్వ ఎ, ఒ లేవు. కాబట్టి సంస్కృతం నుంచి వచ్చిన మాటలో ఎప్పుడూ ఏత్వం, ఓత్వమే: స్తోత్రం, శ్రేష్ఠం, ప్రోత్సాహం. వెనక సంయుక్తాక్షరం ఉంటే పలికేటప్పుడు కాస్త కురచగా వినిపిస్తుంది, చెవి మోసపోతుంది.

ఇప్పుడు ఈ వాక్యం చూడండి: ‘మన సాంప్రదాయాలను పరీశీలించిన విద్యవంతులు సమాజిక మార్పును ప్రొత్సహించారు.’ దీనిలో ఐదు తప్పులున్నాయి. ‘ఇక’ లేదు కాబట్టి సంప్రదాయాలను. పరి తర్వాత హల్లు కాబట్టి పరిశీలించిన. ‘విద్యము’ అనం కాబట్టి విద్యావంతులు. ‘ఇక’ ఉంది కాబట్టి సామాజిక. ప్ర + ఉత్సాహం గుణసంధి కాబట్టి ప్రోత్సహించారు. మీ పత్రంలోని తప్పులను కూడా ఇలాగే, ఒక్కోదానికి కారణం పక్కన రాసి దిద్దండి.

అచ్చ తెలుగు మాటలకు ఈ పరీక్షలేవీ పనిచేయవు. అక్కడ దీర్ఘం మారితే అర్థమే మారిపోతుంది. వెల అంటే ధర, వేల అంటే వెయ్యికి బహువచన రూపం. వీటిని విడివిడిగా కాక వాక్యంలో చెప్పించుకుని రాయండి: ‘పండక్కి పట్టుచీర వెల వేల రూపాయలకు చేరింది.’