వెస్టయిన స్టాక్ ఆప్షన్లను ఎలా సొమ్ము చేసుకోవాలి?

1. స్టాక్ ఆప్షన్ అంటే కంపెనీ షేరును ముందే నిర్ణయించిన ధరకు కొనే హక్కు. ఆ హక్కు మీ సొంతం కావడం వెస్టింగ్, దాన్ని వాడి షేరు కొనడం ఎక్సర్‌సైజ్. ముందు, ఆప్షన్లు ఇస్తూ కంపెనీ రాసిన గ్రాంట్ లెటర్ తెరవండి. ఎన్ని ఆప్షన్లు ఇచ్చారో అందరూ చూస్తారు. ఎక్సర్‌సైజ్ ధర, వెస్టింగ్ క్రమం, ఉద్యోగం మానేశాక ఉండే గడువు అంతకన్నా ముఖ్యం. చాలా కంపెనీల్లో ఆ గడువు 90 రోజులే. అది దాటితే వెస్టయిన ఆప్షన్లు కూడా రద్దవుతాయి.

2. ఇప్పటికి మీవి ఎన్నో లెక్క వేయండి. 4,800 ఆప్షన్లు, నాలుగేళ్ల వెస్టింగ్, మొదటి ఏడాది క్లిఫ్ అనుకుందాం. పదకొండో నెలలో మానేస్తే ఒక్కటీ రాదు. ఏడాది నిండిన రోజున 1,200 వస్తాయి, ఆపైన నెలకు 100. రెండున్నరేళ్లకు 3,000 మీవి. మిగతా 1,800ను ఆస్తిలో కలపకండి.

3. తీసుకోవడానికి అయ్యే ఖర్చు చూడండి. చాలామంది దెబ్బతినేది ఇక్కడే. ఎక్సర్‌సైజ్ ధర 50, మార్కెట్ ధర 250 అయితే 3,000 షేర్లకు 1,50,000 కట్టాలి. తేడా 6,00,000. చాలా దేశాల్లో దీన్ని జీతంలాగే లెక్కించి, షేర్లు అమ్మకపోయినా పన్ను వేస్తారు. 30 శాతమైతే 1,80,000. మొత్తం 3,30,000 మీ చేతి నుంచి పోయింది. ఆరు నెలల్లో ధర 100కు పడితే షేర్ల విలువ 3,00,000. 50కి కొన్న షేరు 100 దగ్గర ఉన్నా మీకు నష్టమే, ఎందుకంటే పన్ను 250 ధర మీద కట్టారు.

అందుకే ఎక్సర్‌సైజ్ చేసిన రోజే కనీసం 1,320 షేర్లు అమ్మి ఆ 3,30,000 రాబట్టుకోండి. కంపెనీ ఇంకా లిస్టు కాకపోతే ఈ దారి సాధారణంగా ఉండదు. అప్పు చేసి మాత్రం ఎక్సర్‌సైజ్ చేయకండి.

4. మిగిలిన 1,680 షేర్లను మీ మొత్తం పొదుపుతో పోల్చండి. వాటి విలువ 4,20,000. ఇతర పొదుపు 5,80,000 ఉంటే, 42 శాతం ఒకే కంపెనీలో ఉంది. జీతమూ అక్కడి నుంచే వస్తోంది. "మా కంపెనీ సంగతి నాకు తెలుసు" అనే ధీమా అమెరికా ఇంధన కంపెనీ ఎన్రాన్ ఉద్యోగులకూ ఉండేది. వారిలో ఎంతోమంది పదవీ విరమణ పొదుపును ఆ షేర్లలోనే ఉంచారు. 2001 డిసెంబరులో కంపెనీ దివాలా తీసినప్పుడు వేలమందికి ఉద్యోగమూ పొదుపూ ఒకేసారి పోయాయి.

5. అమ్మే తేదీలు ముందే రాసిపెట్టుకోండి. నా లెక్కలో ఒకే కంపెనీ షేర్లు మొత్తం పొదుపులో 10 శాతం దాటకూడదు. అంటే 400 షేర్లు ఉంచుకుని, మిగతా 1,280ని మూడు నెలలకోసారి 320 చొప్పున ఏడాదిలో అమ్మేయాలి. ధర పెరుగుతున్నా ఆగకండి. త్రైమాసిక ఫలితాల ముందు చాలా కంపెనీలు ఉద్యోగులను అమ్మనివ్వవు కాబట్టి, ఫలితాలు వెలువడి అమ్మకాలకు అనుమతి వచ్చాకే తేదీ పెట్టుకోండి. ఈలోగా నెలకు 100 చొప్పున కొత్తవి వెస్టవుతూనే ఉంటాయి. అమ్మిన ప్రతిసారీ వాటిని కూడా కలిపి ఆ శాతాన్ని మళ్లీ లెక్కించండి.