లోతైన రిబ్‌ని రాత్రికి స్పార్క్‌లో పెట్టి వెళ్లే ముందు

బెంగళూరు పీణ్యలో ఏ టూల్ రూమ్‌లో చూసినా పగలంతా మిల్లింగ్, గ్రైండింగ్ నడుస్తాయి. ఎక్కువ టైమ్ పట్టే ఈడీఎమ్, అంటే స్పార్క్‌తో స్టీల్‌ని కరిగించి తీసే పనులను మాత్రం రాత్రికి వదులుతారు. స్పార్క్ మెషిన్ దగ్గర మనిషి నిలబడి చేసేదేమీ ఉండదు కాబట్టి, ఒక్క ఆపరేటర్‌కే మూడు నాలుగు మెషిన్లు అప్పజెప్పి మిగతావాళ్లు ఇంటికి వెళ్లిపోతారు. మార్చి దాటితే ఎండలు, కరెంటు కోతలు కూడా తోడవుతాయి. హిందూపురం, మదనపల్లి వైపు నుంచి వచ్చి ఈ షాపుల్లో పనిచేస్తున్న కుర్రాళ్ల కోసం, రాత్రి బర్న్ పెట్టే ముందు చూసుకోవలసినవి రాస్తున్నాను. పనుల్లో ఎక్కువ తిప్పలు పెట్టేది సన్నటి, లోతైన రిబ్. అందుకే దాన్నే ఉదాహరణగా తీసుకుంటాను.

జాబ్ ఇది అనుకోండి. హెచ్ 13 స్టీల్ ఇన్సర్ట్, హార్డ్ చేసి 50 హెచ్‌ఆర్‌సి దాకా తెచ్చారు. అందులో రిబ్ కోసం 1.5 మిల్లీమీటర్ల వెడల్పు, 40 పొడవు, 18 లోతుతో స్లాట్ కావాలి. ఇంత సన్నటి కట్టర్ అంత లోతుకు దిగితే విరుగుతుంది. స్పార్క్‌కి స్టీల్ ఎంత గట్టిగా ఉందన్నదానితో పని లేదు. నూనెలో మునిగిన ఎలక్ట్రోడ్‌కీ జాబ్‌కీ మధ్య కొన్ని పదుల మైక్రాన్ల ఖాళీ మిగిలేసరికి, అక్కడి నూనె కరెంటును ఆపలేక ఒక చోట తెగుతుంది. ఆ చుక్కంత చోట వేడి 8,000 డిగ్రీలు దాటి స్టీల్ కరిగిపోతుంది. పల్స్ ఆగగానే అక్కడి గ్యాస్ బుడగ కూలి, కరిగిన లోహంలో కొంత బయటికి చిమ్ముతుంది. మిగిలింది అక్కడే గడ్డకడుతుంది. ఆన్ టైమ్ 50 మైక్రోసెకన్లు, ఆఫ్ టైమ్ కూడా 50 పెడితే సెకనుకు 10,000 పల్సులు పడతాయి. ఒక్కో పల్స్ ఒక్కో చిన్న గుంట చేస్తుంది. ఆ గుంటల సైజే ఫినిష్, ఆ ఖాళీయే కొలత.

కాబట్టి కొలత లెక్క ఎలక్ట్రోడ్ చేసేటప్పుడే మొదలవుతుంది. ఈ జాబ్‌కి రఫ్ ఎలక్ట్రోడ్‌ను 1.20 మందంతో, అంటే ఒక్కో పక్క 0.15 తక్కువగా చేద్దాం. మనం పెట్టే కరెంటుకి ఆ ఖాళీ, అంటే గ్యాప్, పక్కకు 0.07 వస్తే స్లాట్ 1.34 దగ్గర ఆగుతుంది. ఇంకా ఒక్కో పక్క 0.08 మిగిలింది. రఫ్ గుంటల లోతు, కిందున్న కాలిన పొర రెండూ ఆ 0.08లో పోవాలి. ఫినిష్ ఎలక్ట్రోడ్ 1.38, గ్యాప్ పక్కకు 0.03, పైన ఎలక్ట్రోడ్‌ని చిన్నగా చుట్టూ తిప్పే ఆర్బిట్ ఇంకో 0.03 ఇస్తే కచ్చితంగా 1.50 వస్తుంది. లోతులో రఫ్‌ని 17.80 దగ్గర ఆపాలి, 18కి ఇవ్వకూడదు. మీ మెషిన్‌లో ఏ సెట్టింగ్‌కి ఎంత గ్యాప్ వస్తుందో పుస్తకంలోని టేబుల్‌ని గుడ్డిగా నమ్మకుండా, ఒక స్క్రాప్ ముక్క మీద వేసి కొలుచుకోండి. అరిగిన స్పిండిల్, పాత నూనె ఉన్న మెషిన్ టేబుల్‌లో ఉన్న గ్యాప్ ఇవ్వదు.

కరెంటు దగ్గర ఆశ పనికిరాదు. రాగి ఎలక్ట్రోడ్‌కి చదరపు సెంటీమీటరుకు సుమారు 10 ఆంపియర్లు అని షాపుల్లో ఒక లెక్క ఉంది. మన ఎలక్ట్రోడ్ ముఖం 1.2 × 40, అంటే 48 చదరపు మిల్లీమీటర్లు, అర చదరపు సెంటీమీటరు కూడా లేదు. అంటే 5 ఆంపియర్లే పై హద్దు. లోతు పెరిగాక అది కూడా ఎక్కువే, 3కి దించడం మంచిది. పొద్దున్నకి అయిపోవాలని 10 పెట్టి వెళ్తే పొద్దున్నకి దొరికేది పాడైన జాబ్.

ఎందుకో వివరంగా చెప్తాను, ఎందుకంటే రాత్రి పూట జాబులు పాడయ్యేది ఎక్కువగా దీనివల్లే. కరిగి చిమ్మిన స్టీల్ పొడి, నూనె కాలగా వచ్చిన కార్బన్ మసి, ఈ రెండూ ఖాళీలోంచి బయటికి రావాలి. 3 మిల్లీమీటర్ల లోతులో అవి వాటంతటవే వస్తాయి. 15లో రావు. మసి అడుగున పేరుకున్న చోట కరెంటుకి సులువైన దారి దొరుకుతుంది. తర్వాతి పల్స్ అక్కడే, దాని తర్వాతదీ అక్కడే పడుతుంది. ఆఫ్ టైమ్‌లో నూనె మళ్లీ కోలుకునే వ్యవధి ఉండదు. స్పార్క్ తిరగడం మానేసి ఒకే చోట నిలబడుతుంది. దీన్నే ఆర్కింగ్ అంటాం. అక్కడ స్టీల్‌లో గొయ్యి, ఎలక్ట్రోడ్ మీద నల్లటి కార్బన్ మొటిమ రెండూ పెరుగుతూ పోతాయి.

చెవితో కనిపెట్టవచ్చు. మంచి బర్న్ చిటపటమని ఒకే తీరులో వినిపిస్తుంది, బుడగలు ఎలక్ట్రోడ్ చుట్టూ అంతటా లేస్తాయి. ఆర్కింగ్ మొదలైతే ఆ చిటపట తగ్గి మొద్దుగా గుర్రుమంటుంది, బుడగలు ఒకే మూల నుంచి వస్తాయి, నూనెలో ఒకే చోట తెల్లగా మెరుస్తుంది. గ్యాప్ వోల్టేజ్ ముల్లు ఊగడం మానేసి కిందికి పడిపోతుంది. లోతు అంకె కదలదు, ఎలక్ట్రోడ్‌ని పట్టుకున్న క్విల్ మాత్రం పైకీ కిందికీ తచ్చాడుతుంది. ఇవి కనిపిస్తే సెట్టింగ్ మార్చి ఊరుకోకూడదు. మెషిన్ ఆపి, ఎలక్ట్రోడ్ ఎత్తి, దాని మీది మొటిమను, జాబ్ మీద అంటుకున్న మసిని రెంటినీ పూర్తిగా గీకి తీయాలి. ఒక్క చుక్క మిగిలినా ఆర్క్ మళ్లీ అక్కడే పట్టుకుంటుంది.

దీనికి మందు జంప్. మెషిన్ ఎలక్ట్రోడ్‌ని మధ్యమధ్యలో పైకెత్తి దించుతుంది కదా, అది సిరంజిలాగా కొత్త నూనెను లోపలికి పీల్చి పాతదాన్ని నెడుతుంది. అయితే 15 లోతులో 1 మిల్లీమీటర్ జంప్ పెడితే అదే మురికి అక్కడక్కడే ఆడుతుంది. లోతు పెరిగే కొద్దీ జంప్ ఎత్తు పెరగాలి. అడుగుకు చేరాక ఎలక్ట్రోడ్ స్లాట్‌లోంచి దాదాపు బయటికి వచ్చేంత ఎత్తితే నయం. అలాగని జంప్ వేగం పూర్తిగా పెంచకండి. బిగుతుగా ఉన్న స్లాట్‌లోంచి 1.2 మందం రాగి పలకను ఒక్కసారిగా లాగితే కింద వాక్యూమ్ పట్టి పలక వంగుతుంది. వంగిన పలకతో స్లాట్ మధ్యలో లావై, ఏ గేజ్‌కీ అందకుండా పోతుంది. 5 మిల్లీమీటర్ల తర్వాత ఒక సెట్టింగ్, 10 తర్వాత ఒకటి, 15 తర్వాత ఒకటి పెట్టి, ప్రతి మెట్టులో ఆఫ్ టైమ్ పెంచండి. టైమ్ ఎక్కువ పడుతుంది, పట్టనివ్వండి.

మొన్న ఒక కుర్రాడు అడిగాడు: "అన్నా, సైడ్ ఫ్లషింగ్ నాజిల్ రెండు పక్కలా పెట్టి ఫుల్‌గా తిప్పితే జంప్‌తో పనేముంది?"

"రెండు పక్కల నుంచి కొడితే మధ్యలో ఢీకొని అక్కడే నిలుస్తుంది కదరా. ఒక పక్క నుంచే పెట్టు, అదీ సన్నగా."

స్లాట్ పొడవు వెంట ఒక చివర నుంచి నూనె మెల్లగా వెళ్లాలి. గట్టిగా కొడితే కూడా నష్టమే, సన్నటి ఎలక్ట్రోడ్ అదురుతుంది, మూలలు అరుగుతాయి.

ఇక మంటల సంగతి. దీనికి మాత్రం రాజీ లేదు. స్పార్క్ నూనె లోపల పడినంత సేపు గాలి అందదు కాబట్టి అంటుకోదు. నూనె మట్టం తగ్గి స్పార్క్ పైకి తేలిందంటే నూనె ఆవిరి అంటుకుంటుంది. జాబ్ పై అంచు మీద కనీసం 50 మిల్లీమీటర్ల నూనె ఉండాలి. ట్యాంక్ తలుపు సీలు, డ్రెయిన్ వాల్వ్ రాత్రంతా కారకుండా ఉన్నాయో లేదో నింపాక అరగంట ఆగి, గీత పెట్టి చూడండి. ఫ్లోట్ స్విచ్ ఉందని నమ్మి వదిలేయకండి. స్పార్క్ నడుస్తుండగా పొడి కర్రతో ఫ్లోట్‌ని కిందికి నొక్కండి. నూనె తగ్గినట్టు తెలిసి వెంటనే స్పార్క్ ఆగాలి. ఆగకపోతే ఆ మెషిన్ ఆ రాత్రికి వద్దు. ఫ్లోట్‌ని వైరుతో కట్టేసి నడిపే షాపులు ఉన్నాయి, అలాంటి చోట రాత్రి బర్న్‌కి ఒప్పుకోకండి. ఎండాకాలంలో ఇంకో ముప్పు కిరోసిన్. చవక అని కొందరు ఇప్పటికీ అదే పోస్తారు. కిరోసిన్ ఫ్లాష్ పాయింట్ 38 డిగ్రీల దగ్గరే మొదలవుతుంది. షెడ్డు వేడికి స్పార్క్ వేడి కలిస్తే ట్యాంక్‌లో అంతకు పైనే ఉంటుంది. ఈడీఎమ్ కోసం చేసిన నూనెల్లో చాలావాటికి ఆ అంకె 100 దాటుతుంది. సీఓటూ లేదా డ్రై పౌడర్ సిలిండర్ మెషిన్‌కి ఆనించి కాకుండా, తలుపు వైపు అందేలా ఉంచండి. నీళ్ల బకెట్ పనికిరాదు, నూనె దాని మీద తేలి మంట పాకుతుంది. బర్న్‌లో ఎలక్ట్రోడ్‌కి కరెంటు ఉంటుంది, చేతితో తాకొద్దు. పేస్‌మేకర్ ఉన్నవాళ్లను ఆ డ్యూటీలో వేయకండి.

గిన్నెలా బోర్లించిన ఆకారపు ఎలక్ట్రోడ్ అయితే లోపల హైడ్రోజన్ లాంటి గ్యాస్ చేరుతుంది, స్పార్క్‌కి టప్‌మని పేలి జాబ్‌ని కదిలిస్తుంది. దానికి పైనుంచి గాలి రంధ్రం వేయాలి. మన రిబ్‌కి ఈ బాధ లేదు.

కరెంటు పోయి వస్తే మెషిన్ తనంతట తానే స్పార్క్ మొదలుపెట్టకూడదు. పగలు ఒకసారి మెయిన్ ఆపి చూసుకోండి.

పొద్దున్న వచ్చాక రఫ్ అడుగును టార్చి వేసి చూడండి. గొయ్యి కనిపిస్తే దాని లోతు కొలవండి. అడుగున ఫినిష్‌కి మిగిల్చినదానిలో ఉంటే పోతుంది, మించితే లేజర్ వెల్డింగ్ చేయించి మళ్లీ బర్న్ చేయాలి. ఆ విషయం డై అసెంబ్లీకి వెళ్లకముందే చెప్పండి. ఫినిష్ ఎలక్ట్రోడ్ పెట్టే ముందు సెంటర్ మళ్లీ పట్టండి. పగలు, తెల్లవారుజాము మధ్య షెడ్డులో పది డిగ్రీల తేడా ఉంటే 100 మిల్లీమీటర్ల స్టీల్ 12 మైక్రాన్ల దాకా మారుతుంది. నిన్న మధ్యాహ్నం పట్టిన సెంటర్ ఈ రోజుకి చెల్లదు. ముందు గంట సేపు నూనె తిప్పి, జాబ్, నూనె ఒకే వేడికి వచ్చాక పట్టాలి.

ఫినిష్‌లో ఆన్ టైమ్ తగ్గుతుంది కాబట్టి రాగి ఎక్కువ అరుగుతుంది. పొడవాటి పల్స్‌లో నూనె నుంచి వచ్చిన కార్బన్ రాగి మీద పొరలా చేరి దాన్ని కాపాడుతుంది, చిన్న పల్స్‌లో ఆ పొర నిలవదు. మూల పదునుగా కావాలంటే రెండో ఫినిష్ ఎలక్ట్రోడ్ సిద్ధంగా పెట్టుకోండి. డ్రాయింగ్‌లో గరుకుదనం వీడీఐ 24 అని ఉంటే ఆర్‌ఏ 1.6 మైక్రాన్లు. 27 దగ్గర ఆపి ఎమరీతో రుద్దుదాం అనుకుంటే ఇంత సన్నటి స్లాట్ లోపలికి రాయి పోదు.

ఆఖరున తెల్ల పొర. కరిగి గడ్డకట్టిన ఆ పొర నూనెలోని కార్బన్ పీల్చుకుని చాలా గట్టిగా, పెళుసుగా ఉంటుంది, అందులో కంటికి కనిపించని పగుళ్లు ఉంటాయి. రిబ్ అడుగు మూలలోనే ఇన్సర్ట్‌కి ఎక్కువ ఒత్తిడి పడుతుంది, పగులు అక్కడి నుంచే పాకుతుంది. కాబట్టి ఫినిష్ బర్న్‌ని చివరి మెట్టు దాకా సన్నటి సెట్టింగులతో దించండి. తర్వాత ఇన్సర్ట్‌ని హీట్ ట్రీట్‌మెంట్‌కి పంపి, మొదట టెంపర్ చేసిన వేడి కంటే సుమారు 25 డిగ్రీలు తక్కువలో మరోసారి టెంపర్ చేయించండి. మొదటి టెంపరింగ్ ఎంత వేడిలో చేశారో ఆ సర్టిఫికెట్ చూసి, జాబ్ కార్డు మీద రాసి పంపాలి. లేకపోతే వాళ్లు ఎక్కువ వేడి పెట్టి 50 హెచ్‌ఆర్‌సిని 46కి దించి పంపే ప్రమాదం ఉంది.