వీపు మీద గరుకైన గోధుమరంగు కాయ: ఏది వదిలేయాలి, ఏది చూపించాలి

సమస్య: అరవై దాటిన మనిషి వీపు మీద గోధుమరంగులోనో, దాదాపు నలుపులోనో ఒక మచ్చ ఉబ్బెత్తుగా లేచింది. కొవ్వొత్తి మైనం చుక్క పడి గట్టిపడ్డట్టు ఉంది. గోరు పెడితే అంచు ఊడొచ్చేలా ఉంది. క్యాన్సరేమోనని ఇంట్లో టెన్షన్.

కారణం: ఎక్కువసార్లు ఇది సెబొరిక్ కెరటోసిస్. చర్మం పైపొర కణాలు ఒకచోట పెరిగి పేరుకుంటాయి. లోతుకు దిగవు కాబట్టే పైన అంటించినట్టు కనిపిస్తుంది. వయసుతో వస్తుంది, కొన్ని కుటుంబాల్లో ఎక్కువ. పులిపిరిలా ఒకరి నుంచి ఒకరికి అంటదు. దీన్ని అలాగే వదిలేసినా క్యాన్సర్ అవుతుందని భయపడక్కర్లేదు. అసలు చిక్కు వేరు: ఎప్పుడో ఒకసారి నిజమైన చర్మ క్యాన్సర్ కూడా ఇదే వేషంలో కనిపిస్తుంది.

ఇంట్లో ఎలా చూడాలి: ఫోన్ టార్చిని ఎదురుగా కాకుండా పక్కనుంచి ఏటవాలుగా వేయండి. పైన గరుకుగా ఉండి, చిన్న చిన్న గుంటల్లో నల్లటి పూడికలు గానీ, తెల్లటి గింజల్లాంటివి గానీ కనిపిస్తే, చుట్టుపక్కల అలాంటివే మరికొన్ని ఉంటే చాలావరకు నిశ్చింత. పక్కన రూపాయి బిళ్ల పెట్టి ఒక ఫొటో తీసి ఉంచండి. నెలా రెండు నెలలకు మళ్లీ తీసి పోల్చితే పెరిగిందో లేదో మాటల్లేకుండా తేలిపోతుంది.

అంచు వంకరగా ఉన్నా, రెండు మూడు రంగులున్నా ప్రమాదమని చాలాచోట్ల రాస్తారు. పుట్టుమచ్చల విషయంలో అది సరే, కానీ ఈ కాయలకు వంకర అంచు, కలగలుపు రంగులు మామూలే. అందుకే మార్పునే ఎక్కువగా నమ్మాలి. మిగతావాటితో పోలిక లేకుండా ఒక్కటే వేరుగా ఉండటం, నున్నగా నల్లగా నిగనిగలాడటం, వారాల్లో పెరగడం, ఏమీ తగలకుండానే రక్తం రావడం, పుండు పడి నెలైనా మానకపోవడం, ఆ పుండు అంచు మెరుస్తూ ఉబ్బి ఉండటం: వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఫొటోల కోసం ఆగకుండా చర్మ డాక్టర్‌కు చూపించాలి.

వీపు చూసిన చేత్తోనే అరికాళ్లు, గోళ్లు కూడా చూడండి. మనలాంటి చామనఛాయ ఒంట్లో మెలనోమా అనే ప్రమాదకరమైన రకం వీపు కంటే అక్కడే ఎక్కువగా వస్తుంది. చెప్పుల్లేకుండా పొలంలో తిరిగేవాళ్లు అరికాలి నల్లమచ్చను ముల్లు గుచ్చుకున్న చోటనుకుని వదిలేస్తుంటారు.

రక్తం వస్తే: బొబ్బిలి వైపు డెబ్బై ఏళ్ల రైతు ఒకాయన అనుకుందాం. ఏళ్లుగా ఉన్న కాయ ఎర్రబడి, దురద పెట్టి, బనీనుకు రక్తం అంటింది. "నాన్నా, తువ్వాలుతో గట్టిగా రుద్దుతున్నావా?" అని కొడుకు అడిగితే, దురదకు అదే పని అని తేలింది. సగం అంచు ఊడింది. అలాంటప్పుడు రుద్దడం మాని, సబ్బునీళ్లతో మెల్లగా కడిగి వాజిలిన్ రాస్తే రెండు మూడు వారాల్లో ఎరుపు తగ్గాలి. తగ్గకపోయినా, రాపిడి లేకుండా మళ్లీ రక్తం వచ్చినా బయాప్సీ చేయించాల్సిందే.

ఇదే కేసు జీడిపిక్కల నూనెతో పాడవుతుంది. పలాస వైపు ఆ నూనె దొరకడం కష్టం కాదు, పులిపిర్లకు రాసే అలవాటూ ఉంది. సున్నం, సోడా కలిపి పెట్టేవాళ్లూ ఉన్నారు. రెండూ చర్మాన్ని కాల్చేస్తాయి. ఆపైన అక్కడ మిగిలేది కాలిన పుండే కాబట్టి, మొదట ఏముందో డాక్టర్ కూడా చూసి చెప్పలేరు.

పరిష్కారం: చాలామందికి ఏమీ చేయక్కర్లేదు. పొడిబారి దురద పెడుతుంటే స్నానం తర్వాత కొబ్బరినూనె చాలు. బట్టలకు తగిలి ఇబ్బందిగా ఉంటే ద్రవ నత్రజనితో గడ్డకట్టించి గానీ, మత్తు ఇచ్చి కరెంటు సూదితో కాల్చి గానీ, గీకి గానీ తీసేస్తారు. గడ్డకట్టిస్తే మన రంగుకు తెల్లమచ్చ మిగలొచ్చు. వీపు మీదైతే పట్టించుకోరు, ముఖం మీదైతే ముందే అడగండి.

ఏమాత్రం అనుమానమున్నా కాల్పించుకోవద్దు. కాల్చేస్తే ల్యాబ్‌కు పంపడానికి ముక్క మిగలదు. "తీసింది బయాప్సీకి పంపుతారా?" అని ముందే అడగాలి. శ్రీకాకుళం రిమ్స్ లాంటి మెడికల్ కాలేజీ ఆసుపత్రి చర్మ విభాగంలో చూపించుకోవచ్చు. డెర్మోస్కోప్ అనే భూతద్దంతో చూస్తే చాలా అనుమానాలు కోత లేకుండానే తీరిపోతాయి.

ఒక అరుదైన సంగతి ఉంది. ఏళ్లకు ఒకటి చొప్పున కాకుండా, కొన్ని వారాల్లోనే ఇలాంటివి పదుల సంఖ్యలో దురదతో లేచి, ఆకలి, బరువు కూడా తగ్గుతుంటే కాయలను పక్కన పెట్టి ఫిజీషియన్ దగ్గరకు తీసుకెళ్లండి. కడుపు క్యాన్సర్ లాంటివి లోపల ఉన్నప్పుడు ఇలా జరగొచ్చు.