సింగిల్ సైన్-ఆన్ మీద లింక్డిన్ కరోసెల్ రాసే ముందు జాగ్రత్తలు

సింగిల్ సైన్-ఆన్ అంటే ఒకే కంపెనీ లాగిన్‌తో పని యాప్‌లన్నింటిలోకి వెళ్లే ఫీచర్. కరోసెల్ అంటే ఒక్కో స్లయిడ్ జరుపుతూ చదివే పోస్ట్.

✓ చదివేది ఎవరో తేల్చుకోండి. బెంగళూరులోని ఒక కంపెనీ హెచ్‌ఆర్ హెడ్ అనుకుందాం. మొదటి స్లయిడ్‌లో ఫీచర్ పేరు వద్దు, ఆవిడ తలనొప్పి ఉండాలి: ‘ఉద్యోగి మానేశారు. ఎన్ని యాప్‌లలో లాగిన్ ఆపాలి?’ పేరు మూడో స్లయిడ్‌లో వస్తే చాలు.

✓ ‘ఒక్క క్లిక్‌తో అన్నీ వెంటనే బంద్’ అని మాత్రం రాయకండి. ఎక్కువ దెబ్బతినేది ఇక్కడే. కంపెనీ లాగిన్ ఆపితే కొత్తగా లోపలికి రావడం ఆగుతుంది. కానీ అప్పటికే తెరిచి ఉన్న సెషన్ గడువు తీరేదాకా నడవవచ్చు. యాప్‌లో ఖాతా కూడా అలాగే మిగిలిపోవచ్చు, దాన్ని మూయడానికి, యాప్‌లలో ఖాతాలను దానంతటదే తెరిచి మూసే స్కిమ్ లాంటి వేరే ఏర్పాటు కావాలి. మీ ప్రొడక్ట్‌లో ఏవి ఉన్నాయో ఇంజినీర్‌ను అడిగి, జవాబు మెయిల్‌లో తీసుకోండి. సెషన్ల సంగతి తేలకపోతే ‘కొత్త లాగిన్లను ఒకేచోట ఆపవచ్చు’ అన్నంతవరకే రాయండి. హెచ్‌ఆర్‌కు అర్థమవుతుంది, వాళ్ల ఐటీ టీమ్‌కు తప్పు పట్టే వీలుండదు.

✓ ఈ ఫీచర్ ఏ ప్లాన్‌లో దొరుకుతుందో చివరి స్లయిడ్‌లో చెప్పండి. దాస్తే డెమో కాల్‌లో బేరం చెడుతుంది.

✓ పోస్ట్ చేసే ముందు కరోసెల్ పీడీఎఫ్‌ను ఫోన్‌లో తెరిచి చదవండి. లింక్డిన్‌లో పోస్ట్ అయ్యాక ఆ ఫైల్ మార్చలేం.