పెద్ద పుల్లీ వేశాక బెల్టు ఇంకా ఎక్కువ జారుతోందా? బిగించే ముందు వేగం లెక్క చూడండి

కోవూరు దగ్గర ఒక పాత రైస్ మిల్లు. 25 హెచ్‌పీ మోటారు నుంచి లైన్ షాఫ్ట్‌కు ఫ్లాట్ బెల్టు. ఆ మిల్లాయన ఒకరోజు ఫోన్ చేసి, "ఏందబ్బయా, మూడు దినాలకోసారి మోటారు వెనక్కి లాగతానే ఉండాం, ఇంకెంత లాగేది?" అన్నాడు. వెళ్లి చూస్తే ఆయన బెల్టును అంతకుముందే చేతనైనంత బిగించేసి ఉన్నాడు. నిజానికి బిగింపుతో తీరే జబ్బు కాదది. మీ దగ్గర కూడా పుల్లీలు మార్చాకే జారుడు మొదలై ఉంటే, లేక ఉన్న జారుడు ఎక్కువై ఉంటే, ఇది చదవండి.

సమస్య ఎలా కనిపిస్తుంది

మిల్లు ఆగి ఉన్నప్పుడు బెల్టు మీద చెయ్యి వేస్తే డప్పులా బిగువుగా ఉంటుంది. ఖాళీగా తిప్పితే ఏ గొడవా లేదు. తొట్టిలో వడ్లు పోసి లోడు ఇచ్చిన నిమిషానికి మోటారు పుల్లీ దగ్గర కీచుమని శబ్దం, రబ్బరు కాలిన వాసన, షాఫ్ట్ నెమ్మదించడం. మోటారు వెనక్కి లాగి బిగిస్తే రెండు మూడు రోజులు బాగుంటుంది, తర్వాత బెల్టు సాగి మళ్లీ మొదటికే వస్తుంది.

జారుతోందా లేదా అన్నది చెవితో తేల్చకండి, టాకోమీటర్ పెట్టండి. ఇక్కడ మోటారు 1445 ఆర్‌పీఎం తిరుగుతోంది, పుల్లీల నిష్పత్తి 1 కి 2.5, అంటే షాఫ్ట్ 578 తిరగాలి. లోడులో 520 చూపించింది, పదో వంతు పోయింది. ఒకటి రెండు శాతం తేడా వస్తే కంగారు పడొద్దు, అది జారుడు కాదు. బిగువు వైపు నుంచి వదులు వైపుకు వచ్చేటప్పుడు బెల్టు పుల్లీ మీదే కాస్త సాగి ముడుచుకుంటుంది కాబట్టి ఆ మాత్రం ఎప్పుడూ ఉంటుంది.

ఇంకో సంగతి. స్టార్ట్ చేసేటప్పుడు మాత్రమే జారి తర్వాత సర్దుకుంటే మీ రోగం వేరు. అక్కడ మోటారు ఒక్కసారిగా ఇచ్చే టార్క్‌నో, వదులు బిగింపునో చూసుకోండి. పూర్తి వేగం అందుకున్నాక, లోడులో జారితేనే కింద చెప్పేది మీకు వర్తిస్తుంది.

అసలు ఏం జరిగింది

మొదట్లో మోటారుకు 300 మిల్లీమీటర్ల పుల్లీ, షాఫ్ట్‌కు 750 ది ఉండేవి. అప్పుడప్పుడు జారేది. మిల్లాయన మేనల్లుడు ఇంజినీరింగ్ చదువుతున్నాడు, "పవర్ అంటే లాగుడు ఇంటూ వేగం మామా, పెద్ద పుల్లీలు వేస్తే బెల్టు వేగం పెరుగుతుంది, పవర్ పెరుగుతుంది" అని కాగితం మీద లెక్క చేసి చూపించాడు. 450, 1125 పుల్లీలు పోత పోయించి, అదే రకం బెల్టు పొడవుగా కొని వేశారు. షాఫ్ట్ వేగం మారలేదు, బెల్టు వేగం మాత్రం ఒకటిన్నర రెట్లయింది. కుర్రాడి లెక్కలో ఈ సెట్టు 44 కిలోవాట్లు లాగాలి. తీరా చూస్తే 25 హెచ్‌పీ, అంటే 18.65 కిలోవాట్లు కూడా లాగలేకపోయింది.

అతని లెక్కలో గుణకారం తప్పు లేదు, ఒక పదం వదిలేశాడంతే. పుల్లీ చుట్టూ తిరిగే బెల్టుకు బరువుంది, తిరిగేటప్పుడు బయటికి పోదామని చూస్తుంది. వడిసెలలో రాయి తాడును లాగినట్టే, ఆ బరువు బెల్టును లోపల్నుంచే లాగుతుంది. దాన్నే సెంట్రిఫ్యూగల్ టెన్షన్ అంటారు, కింది సూత్రాల్లో అదే `Tc`. ఇది బెల్టు పొడవంతా, బిగువు వైపూ వదులు వైపూ ఒకేలా ఉంటుంది. అంటే బెల్టు ఓర్చుకోగల బిగువులో కొంత తినేస్తుంది కానీ బెల్టును పుల్లీకి అదమడానికి మాత్రం పనికిరాదు. ఆగి ఉన్నప్పుడు చేతికి తగిలిన ఆ బిగువులో చాలా భాగం, తిరుగుతున్నప్పుడు పుల్లీ మీద ఉండదన్నమాట.

```
v  = π × d × N / 60
Tc = m × v²
P  = (T − Tc) × (1 − 1/e^(μθ)) × v
```

`v` బెల్టు వేగం, `d` పుల్లీ వ్యాసం మీటర్లలో, `N` ఆర్‌పీఎం, `P` పవర్ వాట్లలో, `T` బెల్టు ఓర్చుకోగల గరిష్ఠ బిగువు న్యూటన్లలో, `m` మీటరు బెల్టు బరువు కిలోల్లో, `θ` చిన్న పుల్లీ మీద బెల్టు చుట్టుకున్న కోణం రేడియన్లలో, `μ` రాపిడి గుణకం. జారే హద్దులో రెండు వైపుల నిష్పత్తి `e^(μθ)` అని పుస్తకాల్లో ఉంటుంది కదా, అది రెండు వైపుల నుంచీ `Tc` తీసేశాక మిగిలిన బిగువులకే వర్తిస్తుంది. మేనల్లుడు తీసేయకుండా వేశాడు. పరీక్షల్లో కూడా ఎక్కువమంది మార్కులు పోగొట్టుకునేది ఇక్కడే.

ఈ మిల్లు అంకెలతో

బెల్టు వెడల్పు 150, మందం 8 మిల్లీమీటర్లు. పాత ముక్క ఒక మీటరు కోసి కాటా మీద పెడితే 1.4 కిలోలు తూగింది. చదరపు మిల్లీమీటరుకు 2 న్యూటన్లు ఓర్చుకుంటుందని తీసుకున్నాం, కాబట్టి T = 2400 న్యూటన్లు. రాపిడి గుణకం శుభ్రంగా ఉన్న బెల్టుకు 0.3 అనుకుందాం. షెడ్డు ఇరుకు, పుల్లీల నడుమ దూరం 1.3 మీటర్లే, అందువల్ల పాత సెట్టులో చిన్న పుల్లీ మీద చుట్టు 160 డిగ్రీలు. లెక్క కోసం మోటారు 1440 అని పెట్టుకున్నాను.

పాత 300 పుల్లీతో బెల్టు వేగం సెకనుకు 22.6 మీటర్లు. Tc 716 న్యూటన్లు, పట్టుకు మిగిలింది 1684. చుట్టు కోణం నుంచి వచ్చే గుణకం 0.567. పవర్ 21.6 కిలోవాట్లు. మోటారు 18.65 కాబట్టి కొంచెం చోటు ఉంది.

కొత్త 450 పుల్లీతో వేగం 33.9. ఇక్కడే దెబ్బ. వేగం ఒకటిన్నర రెట్లయితే Tc రెండుంపావు రెట్లవుతుంది: 1611 న్యూటన్లు. 2400లో మిగిలింది 789. పైగా నడిమి దూరం అలాగే ఉంచి పుల్లీలు పెంచారు కాబట్టి చుట్టు 150 డిగ్రీలకు పడిపోయి గుణకం 0.544 అయింది. పవర్ 14.6 కిలోవాట్లు. పోత ఖర్చు పెట్టి మరీ మూడో వంతు పవర్ పోగొట్టుకున్నాడు.

మరి బిగిస్తే రెండు రోజులు ఎలా పనిచేసిందంటారా? ఆ వేగంలో 18.65 కిలోవాట్లు లాగాలంటే బిగువు వైపు 2620 న్యూటన్లు కావాలి, హద్దు కన్నా 9 శాతం ఎక్కువ. వెంటనే తెగదు, సాగుతుంది. సాగితే వదులవుతుంది, వదులైతే జారుతుంది. మోటారు మూడు దినాలకోసారి వెనక్కి జరగడం వెనక కథ ఇదే. మిల్లు ఆగి ఉన్నంతసేపూ ఆ బిగింపు భారం బేరింగుల మీద కూడా ఉంటుంది.

ఏ వేగం సరైనది

పై పవర్ సూత్రాన్ని వేగంతో అవకలనం చేసి సున్నాకు సమానం చేస్తే, T = 3Tc అయినప్పుడు గరిష్ఠ పవర్ అని వస్తుంది. బెల్టు ఓర్పులో మూడో వంతును Tc కు వదిలేయాలి, అంతకన్నా ఎక్కువా వద్దు, తక్కువా వద్దు.

```
v = √(T / 3m) = √(2400 / 4.2) = 23.9 m/s
```

ఈ బెల్టుకు ఇదే వేగం, 160 డిగ్రీల చుట్టుతో 21.7 కిలోవాట్లు. 1440 ఆర్‌పీఎం మోటారుకు దాదాపు 317 మిల్లీమీటర్ల పుల్లీ. అంటే పాత 300 పుల్లీ దాదాపు సరిగ్గా శిఖరం మీదే ఉంది, దాన్ని ఎవరో తెలిసినాయనే పెట్టి ఉంటాడు! బెల్టు వేగం 41.4 దగ్గరైతే Tc ఒక్కటే 2400 అయిపోతుంది, బెల్టు తిరుగుతుంది గానీ గింజంత పవర్ కూడా ఇవ్వదు.

"మందం బెల్టు వేద్దామా?" అని మిల్లాయన అడిగాడు. మందం పెంచితే ఓర్పూ పెరుగుతుంది, బరువూ అంతే పెరుగుతుంది, కాబట్టి సరైన వేగం అక్కడే ఉంటుంది. అది బెల్టు సరుకును బట్టి వచ్చేది, కొలతలను బట్టి కాదు. వెడల్పు 225 చేస్తే 33.9 వేగంలో కూడా 21.8 కిలోవాట్లు వస్తుంది, నిజమే, కానీ పుల్లీల ముఖం కూడా వెడల్పు చేయాలి. పైగా పోత ఇనుప పుల్లీని 30 మీటర్లు దాటించి తిప్పడం నాకు అస్సలు ఇష్టం ఉండదు, పుల్లీ అంచు మీద కూడా అదే లాగుడు ఉంటుంది మరి.

మేము చేసింది

పాత పుల్లీలు షెడ్డు వెనక పడి ఉన్నాయి, తుడిచి మళ్లీ ఎక్కించాం. కొత్త బెల్టునే పాత పొడవుకు కోసి అతికించాం.

కానీ ముందు అప్పుడప్పుడు ఎందుకు జారేదన్న ప్రశ్న మిగిలే ఉంది. పాత బెల్టు ముక్క లోపలి వైపు గోటితో గీకితే గోధుమ రంగు జిడ్డు వచ్చింది, ముక్కు దగ్గర పెడితే తవుడు వాసన. తవుడులో నూనె ఉంటుంది కదా, అది గాలికి ఎగిరి బెల్టు మీద పడుతోంది. రాపిడి గుణకం 0.3 నుంచి 0.2 కు పడిందనుకోండి, పాత సెట్టు పవర్ 21.6 నుంచి 16.3 కు దిగిపోతుంది, మోటారుకు చాలదు. మేనల్లుడు వేగం మీద పడ్డాడు గానీ అసలు గొడవ జిడ్డు. గుగ్గిలం పొడి చల్లడం కూడా అక్కడ అలవాటే. పూటకు పట్టుకుంటుంది గానీ తవుడుతో కలిసి పేరుకుపోయి చివరికి గాజులా నున్నగా అవుతుంది, మానేయమన్నాను.

బెల్టుకు రేకు కవరు వేసి, తవుడు పడే గొట్టం మూతికి గోనె చుట్టాం. వదులు వైపు, మోటారు పుల్లీకి దగ్గరగా, బయటి నుంచి నొక్కేలా ఐడ్లర్ అనే ఖాళీగా తిరిగే పుల్లీ ఒకటి పెట్టాం. దాంతో చుట్టు 180 డిగ్రీలకు వచ్చింది, శుభ్రమైన బెల్టుతో 23.2 కిలోవాట్లు. ఐడ్లర్ బెల్టును వెనక్కి వంచుతుంది కాబట్టి మరీ చిన్నది పెట్టకండి, అతుకు దగ్గర త్వరగా చీలుతుంది. బిగువు వైపు అసలే పెట్టొద్దు.

నెల తర్వాత పూర్తి లోడులో కొలిస్తే మోటారు 1445, షాఫ్ట్ 570. మోటారు కింద బోల్టులు అప్పటి నుంచి ఒక్కసారి కూడా కదపలేదట. గోనె మాత్రం వారానికోసారి మారుస్తున్నారు, ఆ గొట్టం కారడం ఇంకా ఆగలేదు.